యాంకర్ ఎక్కడ ఆగాలి?

హైదరాబాద్‌లో ఓ హోటల్ హాలు. ఎలక్ట్రిక్ స్కూటర్ లాంచ్ అనుకుందాం. ముందు వరసల్లో డీలర్లు, వెనక విలేకరులు, వేదిక మధ్యలో నల్లగుడ్డ కప్పిన బండి. యాంకర్‌కి కంపెనీవాళ్లు పంపిన స్క్రిప్టులో ఎండీగారిని పిలిచే వాక్యం సాధారణంగా ఇలా ఉంటుంది:

"ఇప్పుడు మన సంస్థను పదిహేనేళ్లుగా విజయపథంలో నడిపిస్తున్న దార్శనికులు, మనందరికీ స్ఫూర్తిప్రదాత, మేనేజింగ్ డైరెక్టర్ శ్రీ ఫలానా గారిని రెండు మాటలు మాట్లాడవలసిందిగా కోరుతూ వేదిక మీదకు సాదరంగా ఆహ్వానిస్తున్నాం."

కాగితం మీద ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. మైకులో చదివితేనే తిప్పలు. పేరు వినపడగానే నలుగురు చప్పట్లు మొదలుపెడతారు. యాంకర్ మాత్రం ఇంకా "కోరుతూ, వేదిక మీదకు" దగ్గరే ఉంటుంది. ఆమె ఆపలేదని చప్పట్లు కొట్టేవాళ్లు ఆపేస్తారు. ఎండీగారు సగం లేచి, ఇంకా పిలుస్తున్నారేమోనని మళ్లీ కూర్చుంటారు. తెలుగులో క్రియ వాక్యం చివరికి వస్తుంది, కానీ హాలు కదిలేది పేరుకి. ఆ రెంటి మధ్య మిగిలిన నాలుగైదు మాటలే పిలుపుని పాడు చేస్తాయి.

కాబట్టి స్క్రిప్టు తిరగరాసేటప్పుడు మొదట చేయాల్సింది క్రియని ముందుకి లాగి, పేరుని చివర పెట్టడం.

"పదిహేనేళ్ల కింద ఓ మోటార్ రిపేర్ షెడ్డులో మొదలైన కంపెనీ ఇది. ఆ షెడ్డు షట్టర్ రోజూ పొద్దున్నే ఎత్తిన మనిషి ఇవాళ ముందు వరసలోనే ఉన్నారు. వేదిక మీదకి రావాలి సార్... మన ఎండీ, శ్రీ ఫలానా గారు!"

దార్శనికత, స్ఫూర్తి రెండూ పోయాయి. వాటి స్థానంలో ఒక షట్టర్ వచ్చింది, అదే గుర్తుంటుంది. సినిమా ప్రీ రిలీజ్ ఈవెంట్లు చూసేవాళ్లకి ఈ పద్ధతి కొత్తేం కాదు. హీరో పేరు తర్వాత అక్కడ ఎవరూ వాక్యం కొనసాగించరు, కొనసాగించినా ఎవరికీ వినపడదు.

పేరు చెప్పాక స్క్రిప్టు మరిచిపోయేది నడక. ముందు వరస నుంచి మెట్లెక్కి మైకు దగ్గరికి రావడానికి పదిహేను, ఇరవై సెకన్లు పట్టొచ్చు. చప్పట్లు అంతసేపు ఉండవు. ఆ మిగిలిన ఖాళీలో యాంకర్ కంగారుపడి "ప్లీజ్, ఇంకా గట్టిగా చప్పట్లు" అని అడుక్కుంటుంది. రిహార్సల్లో ఎవరినైనా ఆ కుర్చీ నుంచి మైకు దాకా నడిపించి ఫోన్లో టైమ్ చూసుకుంటే సరిపోతుంది. సంగీతం వేస్తారా, యాంకర్ రెండు వాక్యాలు మాట్లాడుతుందా అన్నది అప్పుడే తేల్చుకుని స్క్రిప్టులో రాసుకోవచ్చు.

ఇక ఒక అంశం నుంచి ఇంకో అంశానికి దాటే మాటలు. "ఎండీగారి అమూల్యమైన ప్రసంగానికి ధన్యవాదాలు. ఇప్పుడు తదుపరి అంశమైన ఏవీ ప్రదర్శనకు వెళ్దాం" అని ఉంటుంది. ఇది కార్యక్రమ పట్టికని పైకి చదవడమే. కూర్చున్నవాళ్లకి తదుపరి అంశం ఎన్నోదో అక్కర్లేదు, దాన్ని ఎందుకు చూడాలో కావాలి. దానికి డీలర్ల మనసులో అప్పటికే ఉన్న ప్రశ్నని పట్టుకోవాలి:

"ఒక్క చార్జింగ్‌తో ఎంత దూరం పోతుందని పొద్దున్నుంచీ అందరూ అడుగుతున్నారు. మా ఇంజనీర్లు నోటితో జవాబు చెప్పలేదు. బండి తీసుకుని శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కేశారు. ఏమైందో తెర మీద చూద్దాం."

ఇందులో చివరి మూడు మాటలు యాంకర్ సొంతం కావు. వెనక కంట్రోల్ టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడు "తెర మీద చూద్దాం" వినగానే లైట్లు తగ్గించి వీడియో వేస్తాడు. యాంకర్ ఆ పూట ఉత్సాహంలో దాన్ని "మీరే చూడండి" అని మార్చితే అతను ఇంకా ఎదురుచూస్తూనే ఉంటాడు, తెర నల్లగానే ఉంటుంది. అందుకే ఇలాంటి మాటల చుట్టూ పెన్నుతో గడి గీస్తారు. మిగతాదంతా ఆమె తన ధోరణిలో చెప్పుకోవచ్చు, గడిలోది మాత్రం అక్షరం మారకూడదు.

విరామాల సంగతి మరీ విచిత్రం. స్క్రిప్టులో బ్రాకెట్లో "విరామం" అని రాసేస్తారు. దాన్ని చూసి యాంకర్ ఎంతసేపు ఆగాలి, ఎందుకు ఆగాలి? తెలియదు గనక అర సెకను ఆగి పరుగెత్తుతుంది. ఆ అర సెకను కూడా తడబాటులాగే వినిపిస్తుంది. కారణం రాస్తే ఆగడం దానంతటదే వస్తుంది: "గుడ్డ పూర్తిగా కింద పడేదాకా మాట్లాడొద్దు." "ఫొటోగ్రాఫర్లు వెనక్కి తగ్గాక." జ్యోతి ప్రజ్వలనలోనూ అంతే. అతిథులు ఒక్కో వత్తీ వెలిగిస్తుంటే, నాదస్వరం వినిపిస్తుంటే, దీపం అంటే జ్ఞానమని దాని మీద ఉపన్యాసం అక్కర్లేదు. స్క్రిప్టులో ఆ పేరా మొత్తం కొట్టేయొచ్చు.

2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌ని పరిచయం చేసిన వీడియో ఈ పని చేసేవాళ్లంతా చూడదగ్గది. మూడు కొత్త వస్తువులు తెచ్చామంటాడు: ఒక ఐపాడ్, ఒక ఫోన్, ఒక ఇంటర్నెట్ పరికరం. ఆ మూడు పేర్లనే మళ్లీ మళ్లీ వల్లిస్తాడు. హాల్లో నవ్వులు, కేకలు పెరుగుతాయి. మూడూ ఒకటేనని జనానికి తట్టేదాకా ఆగి, అప్పుడు తను చెబుతాడు. అదే కార్యక్రమంలో స్లైడ్లు మార్చే రిమోట్ మొరాయించింది. దాన్ని బాగుచేసేలోపు, కుర్రతనంలో తనూ వోజ్నియాక్ కలిసి టీవీలను ఆటపట్టించే పరికరంతో చేసిన అల్లరిని చెప్పి నవ్వించాడు. మన యాంకర్ కార్డుల్లోనూ అలాంటి చిన్న ముచ్చట్లు రెండు విడిగా ఉండాలి. మంత్రిగారు ఆలస్యమైనా, వీడియో ఆగినా పనికొస్తాయి.

విరామం నిజంగా అక్కరకొచ్చేది ధర దగ్గర. "ఈ స్కూటర్ ధర రూ.1,09,990 అని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం." మళ్లీ అదే జబ్బు. అంకె వినపడ్డాక డీలర్లు పక్కవాడితో లెక్కలేసుకోవడం మొదలుపెడతారు, సంతోషం ఎవరికీ వినపడదు. పైగా ఆ అంకెల్ని వెలుతుర్లో, టెన్షన్లో చూసి చదవడం కష్టం. అక్షరాల్లో రాయాలి, ఊపిరి తీసుకునే చోట గీత పెట్టాలి:

"ఇంత విన్నాక మీకు మిగిలింది ఒకటే ప్రశ్న. ఎంత? / (మనుషులు తెర వైపు చూసేదాకా) / లక్షా తొమ్మిది వేల / తొమ్మిది వందల తొంభై."

అక్కడితో నోరు మూసుకోవాలి. తెర మీద అంకె వచ్చేస్తుంది. నచ్చితే చప్పట్లు కొడతారు, నచ్చకపోతే గొణుక్కుంటారు. ఆ గొణుగుడు మీద మాట్లాడితే ఇంకా ఇబ్బంది.

చివరికి వందన సమర్పణ. అప్పటికే భోజనాల వాసన వస్తుంటుంది. ఇరవై పేర్లు, ప్రతి పేరు తర్వాతా "గారికి హృదయపూర్వక ధన్యవాదాలు". పేర్లు తగ్గించడం యాంకర్ చేతుల్లో ఉండదు. స్పాన్సర్ పేరు ఒప్పందంలో ఉంటుంది, అతిథుల వరస ప్రోటోకాల్‌లో ఉంటుంది, అవి కదపకూడదు. కదపగలిగేది చోటు. ఘాట్ రోడ్డు వీడియో తీసినవాళ్లకి వీడియో అయిన వెంటనే థాంక్స్ చెప్పేయాలి, "ఆ ఎండలో బండి వెనకే కెమెరాతో పరుగెత్తిన టీమ్ అదిగో అక్కడుంది" అని చెయ్యి చూపిస్తూ. వేదిక కట్టినవాళ్లకి గుడ్డ తీసిన తర్వాత. అలా పంచేస్తే చివరికి అయిదారు పేర్లే మిగులుతాయి. వాటికీ ఒక్కొక్కరు చేసిన పని ఒక్క మాటలో చెప్పి, "ధన్యవాదాలు" అన్నది అందరికీ కలిపి ఒక్కసారే అంటే చాలు.

ఇంకొక్కటి. "డిన్నర్ పక్క హాల్లో ఏర్పాటు చేశాం" అన్న వాక్యం చాలా స్క్రిప్టుల్లో వందన సమర్పణకి ముందే ఉంటుంది. దాన్ని గ్రూప్ ఫొటో కూడా అయ్యాక, ఆఖరి కార్డులో ఆఖరి లైనుగా పెట్టాలి. అది విన్నాక ఎవరూ కూర్చోరు.