ఫలితాలొచ్చాక ఆగని షేరు

2023 మే 24. అమెరికాలో మార్కెట్ ముగిశాక చిప్‌ల కంపెనీ ఎన్విడియా త్రైమాసిక ఫలితాలు ప్రకటించింది. వచ్చే మూడు నెలల్లో 1,100 కోట్ల డాలర్ల ఆదాయం వస్తుందని చెప్పింది. అనలిస్టులు వేసుకున్న అంచనా సుమారు 720 కోట్లు. ఆ రోజు 305 డాలర్ల దగ్గర ముగిసిన షేరు మర్నాడు ఒక్కరోజులో 24 శాతం ఎగబాకి 380 దగ్గర ముగిసింది. ఇక ఇందులో మిగిలిందేముందని చాలామంది అనుకున్నారు. జూన్ నెలాఖరుకు అదే షేరు 423 డాలర్లకు చేరింది. (ఇవన్నీ 2024లో షేర్లను విభజించక ముందటి ధరలు.)

మంచి ఫలితాల వార్త ధరలో ఒక్క రోజులో పూర్తిగా కలిసిపోవాలి. కానీ చాలాసార్లు అలా జరగదు. షేరు కొన్ని వారాలపాటు అదే దిశలో మెల్లగా కదులుతూ పోతుంది. 1968లో రే బాల్, ఫిలిప్ బ్రౌన్ అనే అకౌంటింగ్ పరిశోధకులు దీన్ని మొదట గమనించారు. 1989లో విక్టర్ బెర్నార్డ్, జేకబ్ థామస్ దీన్ని లెక్కగట్టారు. ఊహించినదానికన్నా బాగా ఎక్కువ లాభం చూపిన షేర్లు కొని, బాగా తక్కువ చూపినవాటిని షార్ట్ చేస్తే, 60 ట్రేడింగ్ రోజుల్లో సుమారు 4.2 శాతం మిగిలింది. అదీ ఖర్చులు తీయకముందు.

ఎందుకిలా? వాళ్ల జవాబు సూటిగా ఉంది. ఒక త్రైమాసికంలో అంచనాలను దాటిన కంపెనీ తర్వాతి త్రైమాసికాల్లోనూ దాటే అవకాశం ఎక్కువ. మదుపరులు ఆ సంగతిని పూర్తిగా పట్టించుకోరు. అందుకే ఆ తర్వాత పెరిగే ధరలో గణనీయమైన భాగం వచ్చే ఫలితాలు వెలువడే రెండు మూడు రోజుల్లోనే కనిపిస్తుంది. శ్రద్ధ కూడా ఒక కారణమే. శుక్రవారం వచ్చిన ఫలితాలకు ఆ రోజు స్పందన తక్కువగా, తర్వాతి వారాల కదలిక ఎక్కువగా ఉందని 2009లో డెల్లావిన్యా, పోలెట్ చూపించారు.

ట్రేడర్లు దీన్ని వాడుకునే తీరు ఎన్విడియాలోనే చూడొచ్చు. మొదట చూసేది లాభం ఒక్కటే కాదు. ఆదాయం అంచనాను దాటిందా, ముందుచూపు పెరిగిందా అన్నవి కూడా. ఆస్తి అమ్మడం వల్ల పెరిగిన లాభానికి వాళ్లు విలువివ్వరు. తర్వాత చూసేది, ఫలితాల మర్నాడు షేరు రోజంతా ఎలా నడిచిందనేది. మే 25న ఎన్విడియా 385 వద్ద మొదలై, 366 దాకా జారి, 395 దాకా ఎక్కి, 380 వద్ద నిలిచింది. పెద్ద గ్యాప్‌తో మొదలైనా లాభాల స్వీకరణను తట్టుకుని నిలబడింది.

ఇక్కడ ఆ 366 కీలకం. 380 వద్ద కొన్నవాళ్లు స్టాప్‌లాస్‌ను దాని కింద పెట్టుకుంటారు. షేరుకు పోయేది సుమారు 14 డాలర్లు. ఈ ట్రేడ్‌లో 700 డాలర్లకు మించి పోగొట్టుకోకూడదనుకున్న మనిషి 50 షేర్లే కొనాలి. జూన్ 7న షేరు 375కు జారి భయపెట్టింది, కానీ 366ను తాకలేదు. స్టాప్‌ను మరీ దగ్గరగా పెట్టుకున్నవాళ్లు ఆ రోజే బయటపడి ఉంటారు.

మూడు నెలల తర్వాత అదే కంపెనీ మరో కథ చెప్పింది. ఆగస్టు 23న 1,351 కోట్ల డాలర్ల ఆదాయం ప్రకటించింది. తాను ముందు చెప్పినదానికన్నా ఇది చాలా ఎక్కువ. మర్నాడు షేరు 502 వద్ద మొదలైంది, కానీ రోజంతా అమ్మకాలే. దాదాపు ఆ రోజు కనిష్ఠం దగ్గరే, 471 వద్ద ముగిసింది. అంటే ముందురోజు ముగింపు ధరకే తిరిగొచ్చింది. ఫలితం గొప్పదే, అయితే మార్కెట్ దాన్ని ముందే ఊహించుకుని కూర్చుంది. ఆ తర్వాత వారంలో 493 దాకా వెళ్లినా, సెప్టెంబరు 21కి 410కి పడిపోయింది. సంఖ్యలు బాగున్నాయని చెప్పి గ్యాప్‌లో ఉదయాన్నే కొన్నవాళ్లకు ఇదే పాఠం. ముగింపు దాకా ఆగి చూసినవాళ్లకు హెచ్చరిక ఆ రోజే అందింది.

రెండు ఉదాహరణలతో ఏదీ రుజువు కాదు. పైగా ఈ ధోరణి సగటున బలహీనపడింది. పెద్ద అమెరికన్ కంపెనీల్లో అది 2006 నుంచే కనిపించడం లేదని చార్లెస్ మార్టినో 2022లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. కంప్యూటర్లు వార్తను క్షణాల్లో ధరలోకి ఎక్కించేస్తున్నాయి. మరీ చిన్న కంపెనీల్లో మాత్రం అది చాలాకాలం నిలిచింది. అయితే అక్కడ కొనుగోలు, అమ్మకం ధరల మధ్య తేడా పెద్దది, పదివేల షేర్లు కొనబోతేనే ధర పైకి పోతుంది. కాగితం మీద కనిపించే లాభంలో చాలాభాగం అక్కడే హరించుకుపోతుంది.

మన దేశంలో ఇలాంటి ట్రేడ్ చేసేవాళ్లు పన్నును కూడా లెక్కలో వేసుకోవాలి. ఏడాదిలోపు అమ్మిన లిస్టెడ్ షేర్ల లాభంపై 2024 జులై 23 నుంచి 20 శాతం పన్ను ఉంది.