చియాంగ్ మైలో నెల రోజుల ఆఫీసు

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకమ్మాయి నవంబరు నెలంతా థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మైలో ఉండి పని చేసుకుందామనుకుంది అనుకోండి. ముందు చూసేది టికెట్ ధర. నిజానికి అది ఆఖరున చూడాల్సింది.

మొదట ఆఫీసును అడగాలి. చాలా కంపెనీలు విదేశం నుంచి లాగిన్ అయితే ఖాతాను లాక్ చేస్తాయి. ఏ దేశం, ఏ తేదీలు అన్నది మేనేజరు, ఐటీ విభాగం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

తర్వాత వీసా. టూరిస్టుగా వెళ్లే అనుమతి చూసి రావడానికే గానీ పని చేయడానికి కాదు. జీతం ఇండియాలోనే పడుతోంది కదా అన్న వాదన ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర నిలుస్తుందన్న భరోసా లేదు. ఇలా దూరం నుంచి పనిచేసేవాళ్ల కోసమే థాయ్‌లాండ్ 2024లో డీటీవీ అనే వీసా తెచ్చింది. ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. కాకపోతే బ్యాంకులో 5 లక్షల బాట్‌లు, అంటే 13 లక్షల రూపాయలకు పైనే చూపించాలి. ఉద్యోగ పత్రాలు జతచేసి, ఇక్కడ ఉండగానే దరఖాస్తు చేయాలి. ఒక్క నెల కోసమైతే ఇది బరువే. మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లకు గిట్టుబాటవుతుంది.

ఇక ఇల్లు. అక్కడ హోటల్ లైసెన్సు లేని కాండోను 30 రోజులకు తక్కువగా అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. అందుకే 28 రోజులకు కాకుండా పూర్తి నెలకు ఒప్పందం రాయించుకోవాలి. విదేశీయులు దిగిన 24 గంటల్లోపు ఇంటి యజమాని ఇమిగ్రేషన్ వాళ్లకు తెలపాలి. ఆ ఫారం పేరు TM30. "టీఎం 30 చేస్తారా?" అని ముందే అడగండి. నీళ్లు నమిలారంటే ఆ ఇల్లు వదిలేయండి.

అడ్వాన్సు పంపేముందు నెట్ సంగతి తేల్చుకోవాలి. "వైఫై ఉంది" అన్న మాట చాలదు. బల్ల ఉన్న గదిలోంచే, రాత్రి పూట స్పీడ్ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ పంపమనండి. అందులో డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్ చూడండి. మన గొంతూ ముఖమూ అవతలికి చేరేది దానిమీదే. 10 ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే వీడియో కాల్‌కు దిగుల్లేదు. కరెంటు పోతే రూటరూ ఆగిపోతుంది కాబట్టి, హాట్‌స్పాట్ పెట్టుకోవడానికి స్థానిక సిమ్ ఒకటి తీసుకోవాలి.

అక్కడి గడియారం మనకన్నా గంటన్నర ముందుంటుంది. ఇక్కడ రాత్రి తొమ్మిదికి మొదలయ్యే అమెరికా కాల్ అక్కడ పదిన్నరకు. అద్దె గదిలో గోడలు పల్చగా ఉంటే పక్కవాళ్లతో పేచీ. నెల ఎంచుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలూ అడవులూ తగలబడే పొగ ఆ ఊరిని కమ్మేస్తుంది, కిటికీ తెరవలేం. మన అమ్మాయి నవంబరు ఎంచుకుంది కాబట్టి ఆ బాధ లేదు. ఆఫీసు మెయిలు, వీసా, ఇంటి ఒప్పందం మూడూ చేతికొచ్చాక ఆమె టికెట్ కొనొచ్చు.