మెడ పూసల అరుగుదల

మధురవాడలో రోజంతా కంప్యూటరు ముందు కూర్చొని పనిచేసే నలభై యేండ్ల ఉద్యోగి ఒకరున్నారనుకొందాం. ఉదయం లేవగానే ఆయన మెడ బిగుసుకొని ఉంటుంది. ఎక్స్‌రే నివేదికలో ఇలా ఉన్నది: ‘5, 6 పూసల మధ్య ఎడం తగ్గినది, అంచులలో ఎముక ముళ్ళు ఉన్నవి, మెడ వంపు తగ్గినది, సర్వైకల్ స్పాండిలోసిస్.’ ఈ మాటలకు అర్థమేమి?

మెడలో ఏడు పూసలున్నవి. మొదటి రెండింటి మధ్య తప్ప, ప్రతి రెండు పూసల నడుమ మెత్తని చక్రిక ఒకటి ఉంటుంది. దీనిలో ఎక్కువ భాగం నీరే. వయస్సుతోబాటు ఆ నీరు తగ్గి చక్రిక పలుచబడుతుంది. అందుచేత పూసల మధ్య ఎడం తగ్గుతుంది. అంచులపై ఒత్తిడి పెరిగినచోట ఎముక కొద్దిగా పెరుగుతుంది. ‘ముళ్ళు’ అనేవి ఇవే. మెడలో కదలిక ఎక్కువగా ఉండే 5, 6, 7 పూసల వద్దనే ఈ మార్పులు తరచుగా కనిపిస్తాయి. వంపు తగ్గడానికి కండరాల బిగువుగాని, ఫోటో తీసేటప్పుడు మెడ ఉంచిన తీరుగాని కారణం కావచ్చును.

అయితే ఎక్స్‌రేలో కనిపించినదల్లా నొప్పికి కారణం కాదు. 1990లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఏ బాధా లేనివారి మెడలను ఎం.ఆర్.ఐ. ద్వారా పరీక్షించారు. నలభై దాటినవారిలో సుమారు 60 శాతం మందికి చక్రికల అరుగుదల కనిపించింది. కనుక మన ఉద్యోగి నివేదిక తల నెరవడం వంటి మార్పునే తెలుపుతున్నది. ఆయన బాధకు, గంటల తరబడి తల ముందుకు చాచి కూర్చోవడంవల్ల అలసిన కండరాలు కూడా కారణం కావచ్చును.

అటువంటివారికి మూడు వ్యాయామాలు ఉపయోగపడతాయి. మొదటిది: నిటారుగా కూర్చొని, తల వంచకుండా, గడ్డాన్ని తిన్నగా వెనుకకు లాగి 5 సెకండ్లు నిలపాలి, ఇట్లు 10 సార్లు. రెండవది: అరచేతిని నుదుట ఆనించి, తలను చేతిపైకి మెల్లగా నెట్టాలి, చేయి అడ్డుకొనడంవల్ల తల కదలరాదు. 5 సెకండ్ల చొప్పున ఐదుసార్లు చేసి, తర్వాత తల వెనుక, రెండు ప్రక్కల కూడా ఇట్లే చేయాలి. మూడవది: తలను నొప్పి పుట్టని మేరకు కుడి ఎడమలకు నెమ్మదిగా త్రిప్పాలి. రోజుకు రెండుసార్లు చేస్తే, కొన్ని వారాలలో బిగువు సడలవచ్చును. తలను గిరగిర త్రిప్పడం, ఇతరులచేత మెడ విరిపించుకొనడం తగదు.

5, 6 పూసల మధ్యనుండి వెలువడే నాడి బొటనవ్రేలి వైపుకు పోతుంది. వ్యాయామంలో ఆ వ్రేలు తిమ్మిరెక్కినా, చేతిలోకి నొప్పి దిగినా వెంటనే ఆపి వైద్యుని చూడాలి. చొక్కా గుండీలు పెట్టుకొనడం కష్టమైనా, నడక తడబడినా, మూత్రం అదుపు తప్పినా వెన్నుపాము నొక్కుకొనుచున్నదని అనుమానించాలి. అప్పుడు వ్యాయామం కాదు, ఆలస్యం లేని పరీక్ష కావాలి.