ఇద్దరు పరీక్షకుల మార్కులు: ఏకీభావ పరిశీలన, పెద్ద తేడాల పరిష్కారం

వ్యాసరూప సమాధానానికి వేసే మార్కు రెండు విషయాల మీద ఆధారపడుతుంది: విద్యార్థి ఏం రాశాడు, ఎవరు దిద్దారు. ఈ రెండో అంశం ప్రభావం ఎంత ఉందో ఒకే పరీక్షకుడి మార్కులను చూసి చెప్పలేం. అందుకోసం అదే వ్యాసాన్ని ఇంకొకరు కూడా దిద్దాలి. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ఇంగ్లీషు సమాధాన పత్రం నకళ్లను అనేక ఉన్నత పాఠశాలలకు పంపారు. 142 మంది ఉపాధ్యాయులు దాన్ని నూటికి లెక్కవేసి దిద్దారు. వారు వేసిన మార్కులు 64 నుంచి 98 వరకు ఉన్నాయి. దిద్దిన పత్రం మాత్రం అందరికీ ఒక్కటే.

మన విశ్వవిద్యాలయాలు చాలావాటిలో పి.జి. పరీక్షలకు రెండు మూల్యాంకనాలు జరిపించేది ఈ కారణంగానే. రెండింటి మధ్య తేడా ఒక పరిమితి దాటితే (సాధారణంగా గరిష్ఠ మార్కుల్లో 20 శాతం) పేపరు మూడో పరీక్షకుడికి వెళుతుంది. ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఉదాహరణ

సంగం డెయిరీ ఉన్న వడ్లమూడి పరిసరాల్లో ఒక కళాశాల విద్యార్థులకు "పాల సేకరణ కేంద్రం గ్రామీణ కుటుంబ ఆదాయంపై చూపే ప్రభావం" అనే వ్యాసం ఇచ్చారనుకుందాం. గరిష్ఠ మార్కులు 20, ఉత్తీర్ణతకు 8 కావాలి. విషయానికి 10, అమరికకు 5, భాషకు 5 మార్కులు కేటాయించారు. పది వ్యాసాలను ఇద్దరు పరీక్షకులు ఒకరి మార్కులు ఒకరు చూడకుండా దిద్దారు. ఇవి లెక్క నేర్చుకోవడం కోసం ఊహించిన అంకెలు.

| వ్యాసం | మొదటి పరీక్షకుడు | రెండో పరీక్షకుడు | తేడా |
|---|---|---|---|
| 1 | 12 | 10 | 2 |
| 2 | 15 | 13 | 2 |
| 3 | 8 | 7 | 1 |
| 4 | 14 | 11 | 3 |
| 5 | 10 | 8 | 2 |
| 6 | 17 | 14 | 3 |
| 7 | 9 | 15 | −6 |
| 8 | 11 | 9 | 2 |
| 9 | 13 | 11 | 2 |
| 10 | 6 | 4 | 2 |

"ఒకరి మార్కులు ఒకరు చూడకుండా" అన్న షరతును తేలిగ్గా తీసుకోకండి. మొదటి పరీక్షకుడు పేపరు మీదే ఎర్ర సిరాతో 12 అని వేసి ఉంటే, రెండో వ్యక్తి చెయ్యి తెలియకుండానే 11, 12, 13 దగ్గర ఆగుతుంది. అప్పుడు కాగితం మీద కనిపించే ఏకీభావం అసలైనది కాదు. అందుకే మొదటి మార్కులను విడి పట్టికలో నమోదు చేయాలి. సమాధాన పత్రం మీద గీతలు, వ్యాఖ్యలు కూడా ఉండకూడదు. రెండు మార్కుల పట్టికలు అనుమానం కలిగించేంత దగ్గరగా ఉన్నాయంటే, ముందు ఈ షరతును పాటించారా లేదా అన్నది విచారించాలి.

సహసంబంధం ఎక్కువైతే ఏకీభావం ఉన్నట్లేనా?

మార్కుల రెండు వరసలు చేతికి రాగానే చాలామంది విద్యార్థులు సహసంబంధ గుణకం కడతారు. ఇక్కడ పది వ్యాసాలకూ కడితే అది 0.70 వస్తుంది. ఏడో వ్యాసాన్ని పక్కనపెట్టి మిగిలిన తొమ్మిదింటికి కడితే 0.99 వస్తుంది. ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ పట్టికను మళ్లీ చూడండి. ఆ తొమ్మిది వ్యాసాల్లో ఒక్కదానికైనా ఇద్దరూ ఒకే మార్కు వేయలేదు. ప్రతిసారీ రెండో పరీక్షకుడే తక్కువ వేశారు.

సహసంబంధ గుణకం వ్యాసాల వరస క్రమాన్ని, వాటి మధ్య ఎడాన్ని చూస్తుంది. మార్కుల స్థాయిని చూడదు. ఒకరు అందరికీ రెండేసి మార్కులు తగ్గించినా, ఐదేసి తగ్గించినా ఆ గుణకం మారదు. కాబట్టి దానితోపాటు తేడాల సగటు కూడా కట్టాలి. పది వ్యాసాల తేడాల మొత్తం 13, సగటు 1.3. ఏడో వ్యాసం తీసేస్తే మొత్తం 19, సగటు 2.1. ఏడో వ్యాసంలోని −6 మిగిలిన తేడాలను కొంత మింగేసి, రెండో పరీక్షకుడి చెయ్యి బిగింపును తక్కువ చేసి చూపింది. అందువల్ల సగటు ఒక్కటే చూడకుండా తేడాల వరసను ఒక్కొక్కటిగా కంటితో చదవాలి. పది వ్యాసాలకు ఇది నిమిషం పని.

ఇప్పుడు ఈ జంటలో రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయని తేలింది. మొదటిది, ఒకరు క్రమం తప్పకుండా రెండు మార్కులు బిగించడం. రెండోది, ఒకే ఒక్క వ్యాసం మీద ఇద్దరూ పూర్తిగా విడిపోవడం. వీటికి ఒకే మందు పనిచేయదు.

క్రమమైన తేడా

పది మంది పేపర్లనూ ఈ ఇద్దరే దిద్ది, సగటు తీస్తే, రెండో పరీక్షకుడి బిగింపు అందరి మీదా దాదాపు సమానంగా పడుతుంది. వారిలో వారికి పోటీలో పెద్దగా అన్యాయం జరగదు. స్పాట్ వాల్యుయేషన్‌లో వేర్వేరు బండిళ్లు వేర్వేరు పరీక్షకులకు వెళ్లినప్పుడే చిక్కు వస్తుంది. తెనాలి విద్యార్థి పేపరు బిగింపు చేతిలోనూ, రేపల్లె విద్యార్థి పేపరు వదులు చేతిలోనూ పడవచ్చు.

సంజయ్ సింగ్ వర్సెస్ ఉత్తరప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో 2007 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని వివరంగా చర్చించింది. ఒకే సబ్జెక్టు పేపర్లను అనేక మంది దిద్దినప్పుడు వచ్చే తేడాలకు సరైన మార్గం మోడరేషన్ అని, స్కేలింగ్ కాదని చెప్పింది. ఆ పద్ధతిలో ప్రధాన పరీక్షకుడు మిగతావారితో కలిసి నమూనా సమాధానాలను చర్చిస్తారు. తర్వాత ప్రతి ఒక్కరూ దిద్దినవాటిలో కొన్నింటిని తానే మళ్లీ దిద్దుతారు. ఒక పరీక్షకుడు ఒకే రీతిన బిగించారని తేలితే ఆయన పేపర్లన్నింటికీ ఒకే మోతాదులో మార్కులు సరిచేయవచ్చు. నిలకడ లేకుండా ఒకచోట బిగించి, ఒకచోట వదిలేశారని తేలితే సరిచేయడానికి మోతాదే ఉండదు. ఆ పేపర్లను వేరొకరితో మళ్లీ దిద్దించాలి. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ ఫలితాలను 2025 సెప్టెంబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం రద్దు చేసి, పేపర్లను మోడరేషన్ పద్ధతిలో తిరిగి దిద్దాలని ఆదేశించినప్పుడు ప్రస్తావనకు వచ్చింది కూడా ఈ తీర్పే. అదే నెలలో డివిజన్ బెంచ్ ఆ ఆదేశం అమలును నిలిపివేసింది.

మన ఉదాహరణలో రెండో పరీక్షకుడి తేడాలు, ఏడో వ్యాసం మినహా, 1 నుంచి 3 మధ్యే ఉన్నాయి. కాబట్టి ఆయనది నిలకడ గల బిగింపు, సరిచేయగలిగేది. అయితే రెండు మార్కులు కలపాలా, లేక మొదటి పరీక్షకుడి దగ్గరే తగ్గించాలా అన్నది ఈ పట్టిక చెప్పదు. ఎవరిది సరైన స్థాయో తెలియాలంటే ప్రధాన పరీక్షకుడు దిద్దిన నమూనాలతో పోల్చాల్సిందే.

ఏడో వ్యాసం

ఇరవైలో 20 శాతం అంటే 4 మార్కులు. తేడా 6 కాబట్టి ఇది పరిమితి దాటింది. నిజానికి రెండో పరీక్షకుడు మామూలుగా రెండు తక్కువ వేసే మనిషి. ఆయనే ఇక్కడ ఆరు ఎక్కువ వేశారంటే, అసలు దూరం ఎనిమిది మార్కులని అర్థం.

మూడో పరీక్షకుడికి పంపేముందు గుమస్తా పని పూర్తి చేయాలి. కూడిక సరిగా ఉందా, అదనపు జవాబు పత్రం ఇద్దరూ చదివారా, పట్టికలో అంకె తప్పు పడిందా చూడాలి. పెద్ద తేడాల్లో కొన్ని ఇక్కడే తేలిపోతాయి. ఇక్కడ అలాంటి పొరపాటు లేదనుకుందాం. అప్పుడు అంశాలవారీ మార్కులు చూడాలి. మొదటి పరీక్షకుడు విషయానికి 2, అమరికకు 4, భాషకు 3 వేశారు. రెండో పరీక్షకుడు విషయానికి 8, అమరికకు 4, భాషకు 3 వేశారు. అంటే తేడా అంతా విషయంలోనే ఉంది. వ్యాసం చదివితే కారణం దొరుకుతుంది. ఆ విద్యార్థి తన ఇంటి రెండు గేదెల పాలు, వెన్న శాతాన్ని బట్టి వచ్చిన ధర, దాణా ఖర్చు లెక్కవేసి చూపాడు. పథకాలు, గణాంకాల జోలికి పోలేదు. మొదటివారు దాన్ని విషయానికి దూరమన్నారు. రెండోవారు అదే అసలు విషయమన్నారు. మార్కుల సూచికలో "తగిన ఆధారాలు" అని మాత్రమే ఉంది, ఇంటి లెక్క ఆధారమా కాదా అని లేదు. నా అభిప్రాయంలో అది మంచి ఆధారమే. కానీ నిర్ణయించాల్సింది ప్రధాన పరీక్షకుడు. నిర్ణయించాక సూచికలో ఆ వాక్యం చేర్చి, విషయానికి బాగా తక్కువ మార్కులు పడిన ఇతర పేపర్లను కూడా తిరిగి చూడాలి.

మూడో పరీక్షకుడు ముందు మార్కులు తెలియకుండా దిద్ది 14 వేశారనుకోండి. తుది మార్కు ఎంత? మూడింటి సగటు 12.67. దగ్గరగా ఉన్న రెండింటి సగటు 14.5. మూడో మార్కే తుది అంటే 14. నియమాన్ని బట్టి విద్యార్థి మార్కు దాదాపు రెండు మారుతోంది. కాబట్టి ఏ నియమమో మూల్యాంకనం మొదలుకాకముందే రాసిపెట్టుకోవాలి. ఒక మార్కు స్పష్టంగా వేరే అవగాహనతో పడిందని కారణం తెలిసినప్పుడు దగ్గరి రెండింటి సగటు సమంజసం. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతీ ఉంది, అయితే అందులో సాధారణంగా సీనియర్ మాటే నెగ్గుతుంది. లేదంటే ఇద్దరూ చెరో మెట్టు దిగి, ఎవరూ నమ్మని 12 దగ్గర ఆగుతారు.

పరిమితికి లోపల దాగే తేడా

మూడో వ్యాసం చూడండి. 8, 7. తేడా ఒకటే, మూడో మూల్యాంకనం అక్కర్లేదు. కానీ ఒకరి దృష్టిలో అతను ఉత్తీర్ణుడు, ఇంకొకరి దృష్టిలో కాదు. ఉత్తీర్ణత నిర్ణయంలో ఇద్దరూ పదిలో తొమ్మిదిసార్లు ఏకీభవించారు, అంటే 90 శాతం. కానీ మొదటివారు 9 మందిని, రెండోవారు 8 మందిని ఉత్తీర్ణులను చేశారు. ఇద్దరూ వ్యాసాలు చదవకుండా ఇదే నిష్పత్తిలో గుడ్డిగా వేసినా 0.9 × 0.8 + 0.1 × 0.2 = 0.74, అంటే 74 శాతం ఏకీభావం రావచ్చు. జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా గుణకం ఈ యాదృచ్ఛిక భాగాన్ని తీసేస్తుంది:

(0.90 − 0.74) ÷ (1 − 0.74) = 0.62

పది పేపర్ల మీద వచ్చిన కప్పాను గట్టి అంచనాగా తీసుకోకూడదు. ఒక్క పేపరు మారితే అది చాలా కదులుతుంది. మూడో వ్యాసం విషయంలో మాత్రం లెక్కతో పనిలేదు. సగటు 7.5. దాన్ని 8గా సవరించే నియమం ఉంటే అతను గట్టెక్కుతాడు, లేకపోతే తప్పుతాడు. తేడా ఎంత చిన్నదైనా, ఉత్తీర్ణత గీతకు చెరోవైపు పడిన పేపర్లన్నీ మూడో పరీక్షకుడికి పంపాలని నియమం రాసుకుంటే ఈ ఇబ్బంది తీరుతుంది. మన పదింటిలో అలాంటిది ఇదొక్కటే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక వ్యాసానికి ఇద్దరు పరీక్షకులు 20కి 8, 14 వేశారు. మూడో పరీక్షకుడు 11 వేశారు. "దగ్గరగా ఉన్న రెండింటి సగటు" అనే నియమాన్ని ఇక్కడ ఎందుకు అమలుచేయలేం? నియమంలో ఏ వాక్యం చేర్చాలి?