మూడు ఆటలు, ఒకే రికార్డు

ట్రయాథ్లాన్ పోటీలో మొదట ఈదాలి, తర్వాత సైకిలు తొక్కాలి, చివరకు పరుగెత్తాలి. చేతి గడియారం ఈ మూడింటినీ తెగిపోకుండా ఎలా నమోదు చేస్తుంది?

గోపన్‌పల్లి యువకుడొకడు 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు పోటీలో దిగాడనుకుందాం. ముందుగా మల్టీస్పోర్ట్ పద్ధతిని ఎంచుకుని, ఈత మొదట్లో స్టార్ట్ బటన్ నొక్కుతాడు. నీటిలోంచి రాగానే ల్యాప్ బటన్ నొక్కితే ఈత ముగిసి, సైకిలుకు సిద్ధమయ్యే సమయం లెక్కలోకి వస్తుంది. సైకిలు ఎక్కేటప్పుడు, దిగాక, పరుగు మొదలుపెట్టేటప్పుడు మళ్ళీ అదే బటన్. గడియారం ఎక్కడా ఆగదు, గుర్తులు మాత్రం పెట్టుకుంటుంది.

ఈతకు 18 నిమిషాలు, మార్పుకు 3, సైకిలుకు 48, మార్పుకు 2, పరుగుకు 31 పట్టాయి. మొత్తం 102. మూడు ఆటలను విడివిడిగా నమోదు చేసి ఉంటే 97 నిమిషాలే కనబడేవి. మార్పులకు పట్టిన 5 నిమిషాలు జారిపోయేవి.

ఏ ఆట జరుగుతోందో గడియారానికి ఎందుకు తెలియాలి? ఉపగ్రహ సంకేతాలు నీటిలోకి చొచ్చుకురావు. అందుకే ఈతలో చేయి పైకి లేచినప్పుడే వాటిని అందుకుని, మధ్య దూరాన్ని అంచనా కడుతుంది. పరుగులోనైతే అడుగులు లెక్కిస్తుంది.

సైకిలు దిగాక బటన్ నొక్కడం మరిస్తే? పరుగు కూడా సైకిలు ఖాతాలోనే పడుతుంది. గంటకు 25 కిలోమీటర్ల దగ్గరున్న వేగం గీత ఒక్కసారిగా 10కి దిగి అక్కడే సాగితే, మరుపు ఎక్కడ జరిగిందో మీరే చెప్పగలరు.