ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి?

మెడనొప్పి చేతిలోకి దిగిందని వచ్చినవాళ్లను డాక్టరు అడిగే ప్రశ్నల్లో బాగా పనికొచ్చేది ఒకటుంది: ‘తిమ్మిరి ఏ వేళ్లలో?’ చాలామంది ‘చెయ్యంతా లాగేస్తోందండీ’ అంటారు. ఎక్స్‌రే కవరు బల్లమీద పెట్టి ‘స్పాండిలైటిస్ అన్నారు’ అని అక్కడితో ఆపేస్తారు. వేళ్ల సంగతి తేలితే సగం దారి దొరికినట్టే.

మెడలో పూసలు ఏడు. వాటి దగ్గర వెన్నుపాము నుంచి రెండు పక్కలకీ బయటికి వచ్చే నరాల వేళ్లు మాత్రం ఎనిమిది జతలు. ఆరో పూసకీ ఏడో పూసకీ మధ్యనున్న సందులోంచి వచ్చేది ఏడో నరం. పూసల మధ్య డిస్కు ఆ సందువైపు ఉబ్బినా, వయసుతో పూస అంచున ఎముక పెరిగినా నరం మొదలు నొక్కుకుపోతుంది. ఒక్కో నరానికీ చేతిలో కొంత చర్మం, కొన్ని కండరాలు వాటాగా ఉంటాయి. ఆరోదైతే తిమ్మిరి బొటనవేలి వైపు, ఏడోదైతే మధ్యవేలి వైపు, ఎనిమిదోదైతే చిటికెనవేలి వైపు వస్తుంది. అయితే సరిహద్దులు అందరిలో ఒకేలా ఉండవు కాబట్టి వేలు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

నలభై ఐదేళ్ల బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉన్నారనుకుందాం. కుడివైపు మెడలో పట్టేసినట్టు మొదలై, రెక్క ఎముక లోపలి అంచున సలుపు, అక్కడినుంచి చేతి వెనకభాగం మీదుగా చూపుడువేలు, మధ్యవేలు దాకా కరెంటు పాకినట్టు నొప్పి. రెండు వారాలకు ఇంకోటి తోడైంది: నేలమీద కూర్చుని కుడిచేయి ఆనించి లేవబోతే మోచెయ్యి మడతపడిపోతోంది.

ఈయన మధ్యవేలికి తిమ్మిరి రావడానికి ఇద్దరు అనుమానితులున్నారు. ఒకటి మెడలోని ఏడో నరం. రెండోది మణికట్టు దగ్గర ఇరుకు సొరంగంలో నొక్కుకుపోయే మీడియన్ నరం, అంటే కార్పల్ టన్నెల్. మణికట్టు జబ్బైతే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో మధ్యవేలి వైపు సగం తిమ్మిరెక్కుతాయి. రాత్రి నిద్రలోంచి లేపుతుంది, చెయ్యి విదిలిస్తే కాస్త నయమనిపిస్తుంది. మెడ తిప్పినా దానికి తేడా ఉండదు.

ఇక్కడ తేల్చేది మోచెయ్యి. డాక్టరు ఆయన్ను చెయ్యి సగం మడిచి ఉంచమని, తాను ఆపుతుంటే చాచమంటారు. ఎడమచెయ్యి బలంగా నెడుతుంది, కుడిది లొంగిపోతుంది. చెయ్యి చాచే ట్రైసెప్స్ కండరానికి ఆజ్ఞ ప్రధానంగా ఏడో నరంలోంచే వెళ్తుంది. మణికట్టు దగ్గర నరం ఎంత నలిగినా పైనున్న ఈ కండరం నీరసించదు. మోచెయ్యి వెనక రబ్బరు సుత్తితో కొట్టినప్పుడు ఎడమవైపు చెయ్యి ఎగిరి, కుడివైపు కదలకపోతే సాక్ష్యం ఇంకా గట్టిపడుతుంది.

తర్వాత స్పర్లింగ్ పరీక్ష. మెడ వెనక్కి వంచి, నొప్పి ఉన్న వైపు వాల్చి, తలమీద మెల్లగా నొక్కుతారు. నరం సందు ఇరుకవుతుంది. నొప్పి చేతిలోకి జరజరా దిగితే అనుమానం బలపడుతుంది. మెడలోనే నొప్పెడితే లెక్కకు రాదు. దిగనంత మాత్రాన నరం క్షేమమనీ కాదు. దీన్ని ఇంట్లో ఒకరిమీద ఒకరు ప్రయోగించుకోవద్దు. కొందరు అడగకుండానే చెయ్యెత్తి అరచెయ్యి నెత్తిన పెట్టుకు కూర్చుంటారు, అలా ఉంటే హాయిగా ఉందంటారు. అదీ మెడ నరం వైపే వేలు చూపిస్తుంది. భుజం కీలు జబ్బైతే చెయ్యెత్తడమే కష్టం.

మరి ఎంఆర్‌ఐ? ఈయన రిపోర్టులో ఐదు, ఆరు పూసల మధ్య పెద్ద ఉబ్బు ఎడమవైపుకి, ఆరు, ఏడు మధ్య చిన్న ఉబ్బు కుడివైపుకి అని ఉందనుకోండి. రిపోర్టు చదివినవాళ్ల కన్ను పెద్దదాని మీదే పడుతుంది. కాని బాధ కుడివైపు, బలం తగ్గింది ఏడో నరానిది, కాబట్టి దోషి చిన్నదే. ఏ బాధా లేని 1200 మందికి పైగా మనుషుల మెడలను జపాన్‌లో ఎంఆర్‌ఐ తీస్తే, 100కి దాదాపు 87 మందిలో డిస్కు ఉబ్బు కనిపించిందని 2015లో ప్రచురించారు. పరీక్షతో పొంతన కుదరని ఉబ్బుకు వైద్యం చేయడం అనవసరం.

ఇలాంటి నొప్పి చాలామందిలో ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో తగ్గుతుంది. నొప్పి ముందు పోయి, వేలికొసన తిమ్మిరి కొన్నాళ్లు మిగలొచ్చు. అందుకే మళ్లీ వెళ్లినప్పుడు నొప్పి ఎలా ఉందో అడగడంతో సరిపోదు, ట్రైసెప్స్ బలం మళ్లీ చూడాలి. అది తగ్గుతూ పోతే ఆపరేషన్ మాట ఎత్తుతారు. రెండు చేతులూ మొద్దుబారి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినా, నడక తూలినా, మూత్రం పట్టు తప్పినా నొక్కుకుంటున్నది వెన్నుపామే కావచ్చు, వెంటనే చూపించుకోవాలి. చేయి నొప్పితోపాటు ఛాతీ బిగుసుకుని చెమటలు పడితే మెడ సంగతి వదిలేసి నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లి ముందు ఈసీజీ తీయించాలి.