పెళ్లి ఆగింది, అడ్వాన్స్ సంగతేంటి?

"మీ పెళ్లి క్యాన్సిలైతే మాకేంటి సంబంధం? అడ్వాన్స్ వాపసు లేదని రసీదు మీదే ఉంది. కోర్టుకెళ్లినా భయం లేదు." కోపంలో ఉన్న క్యాటరర్ రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఇలాంటి జవాబు కొట్టేస్తాడు. కొట్టినప్పుడు హాయిగానే ఉంటుంది. కేసంటూ పడితే మాత్రం అవతలివాళ్లు ముందు చూపించేది ఆ స్క్రీన్‌షాటే. అందులో తనకు ఎంత నష్టం వచ్చిందో ఒక్క ముక్క కూడా లేదు మరి.

రాజమండ్రిలో ఒక క్యాటరర్‌కు ఈ పరిస్థితి వచ్చిందనుకుందాం. 600 మందికి భోజనాలు, ప్లేటు 400 రూపాయలు, మొత్తం 2,40,000. ముట్టిన అడ్వాన్స్ 80,000. ముహూర్తానికి పదహారు రోజుల ముందు సంబంధం తప్పిపోయింది. పెళ్లికూతురి తండ్రి, రిటైరైన మాస్టారు, "ఒక్క గింజ ఉడకలేదు, మొత్తం వెనక్కివ్వండి" అని మెసేజ్ పెట్టారు.

మాస్టారి మాట పూర్తిగా ఒప్పూ కాదు, క్యాటరర్ మాట పూర్తిగా ఒప్పూ కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా, దక్కేది ఆ పరిమితికి లోబడి న్యాయమైన పరిహారమే. కైలాష్‌నాథ్ కేసులో 2015లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: అసలు నష్టమే లేకపోతే పరిహారం లేదు, రుజువు చేయగలిగే నష్టాన్ని రుజువు చేయాల్సిందే. బేరం ఖాయమైందనడానికి ఇచ్చే బయానా సంగతి కొంత వేరు. అయితే బిల్లులో మూడో వంతు ముందే తీసుకుని అదంతా బయానా అంటే ఎదుటి లాయరు ఊరుకోడు.

కాబట్టి జవాబు తిరగరాయడం అంటే ముందు లెక్క తిరగరాయడం.

మొదట క్యాటరర్ వేసుకున్న లెక్కలో వంట మేస్త్రికిచ్చిన 12,000 ఉంది, రెండు డబ్బాల నెయ్యి ఉంది. నెయ్యి ఎక్కడికీ పోదు, వచ్చే వారం ఇంకో పెళ్లిలో లడ్డూలకు పనికొస్తుంది. పైగా అదే తేదీకి తర్వాత 200 ప్లేట్ల గృహప్రవేశం దొరికింది, వండింది ఆ మేస్త్రే. కనక ఆ రెండూ కొట్టేయాలి. మిగిలినవి చూస్తే, వధూవరుల పేర్లతో అచ్చువేయించిన నీళ్ల సీసాల లేబుళ్లు 4,500. అవి ఇంకెవరికీ పనికిరావు. వడ్డన కుర్రాళ్ల మేస్త్రి వెనక్కివ్వని సొమ్ము 6,000. ఖర్చులు పోగా ప్లేటుకు 60 రూపాయలు మిగులుతుందనుకుంటే పోయిన లాభం 36,000. దాంట్లోంచి గృహప్రవేశం మీద వచ్చిన 12,000 తీసేస్తే 24,000. అన్నీ కలిపితే 34,500. వెనక్కి ఇవ్వాల్సింది 45,500.

గృహప్రవేశం సంగతి దాచేస్తే ఎలా తెలుస్తుందిలే అనిపిస్తుంది. ఊళ్లో ఎవరింట్లో ఎవరు వండారో తెలియడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క అంకె అబద్ధమని తేలితే మిగతా బిల్లులనూ ఎవరూ నమ్మరు.

తిరగరాసిన జవాబు ఇలా ఉండొచ్చు:

"నమస్కారం మాస్టారూ. ఇలా జరిగినందుకు బాధగా ఉందండి. మీరన్నట్టు వంట మొదలుపెట్టలేదు, సరుకుల ఖర్చేమీ మీ మీద వేయడం లేదు. లేబుళ్లకు 4,500, వడ్డనవాళ్లకు 6,000 అయ్యాయి, బిల్లులు జత చేశాను. ఆ తేదీ మీకోసం ఉంచడం వల్ల పోయిన ఆదాయం, తర్వాత దొరికిన చిన్న ఆర్డరు తీసేయగా, 24,000. మిగతా 45,500 శుక్రవారంలోగా మీ ఖాతాలో వేస్తాను. లెక్కలో ఏదైనా సందేహం ఉంటే ఫోన్ చేయండి, కూర్చుని చూసుకుందాం."

విచారం ఒక్క వాక్యంతో సరిపెట్టడం కావాలనే. "మళ్లీ సంబంధం కుదిరితే ఆర్డర్ మాకే ఇవ్వండి, సర్దుతాం" అన్న వాక్యం చాలామందికి మర్యాదగా తోస్తుంది. పీటల దాకా వచ్చిన పెళ్లి ఆగిన ఇంట్లో అది పుండు మీద కారం. రసీదు వెనకాల షరతు ప్రస్తావన కూడా ఇక్కడ లేదు. దాన్ని డబ్బిచ్చేటప్పుడు చూపించి, చదివించి, సంతకం పెట్టించుకుని ఉంటే ఒక వరస ముందే పెట్టొచ్చు. లేకపోతే దాన్ని ఎత్తడం వల్ల కోపం పెరగడమే తప్ప ప్రయోజనం తక్కువ.

ఇంత చెప్పినా మాస్టారు ఒప్పుకోకపోవచ్చు. వినియోగదారుల జిల్లా కమిషన్‌కు ఆయన రెండేళ్లలోపు వెళ్లొచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫిర్యాదు రుసుము కూడా ఉండదు. అందుకే "ఇక గొడవేమీ లేదని సంతకం పెడితేనే ఇస్తాను" అంటూ 45,500 పట్టుకు కూర్చోకూడదు. ఒప్పుకున్న సొమ్ము ముందు వేసేయాలి. అప్పుడు తగాదా 34,500 మీదే మిగులుతుంది, దానికి బిల్లులు, ఆ రోజు కాదన్న ఇంకో పార్టీ పెట్టిన మెసేజ్ క్యాటరర్ దగ్గర ఉంటాయి.